వాచీ చూపే కేలరీలు చూసి రాత్రి భోజనం మానొద్దు

ప్రశ్న: నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. స్కూల్లో టీచర్ని. వయసు 38, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. మావారు కొనుక్కున్న స్మార్ట్ వాచీ ఆయన పెట్టుకోక నాకిచ్చేశారు. వయసు, ఎత్తు, బరువు మార్చి నావి పెట్టుకున్నాను. రోజు మొత్తానికి యాక్టివ్ 430, టోటల్ 1,870 అని చూపిస్తోంది. పొద్దున్న 50 నిమిషాలు నడిస్తే ఆ నడకకు యాక్టివ్ 190, టోటల్ 240 అని వస్తుంది. టోటల్‌లోంచి 500 తీసేసి 1,370 కేలరీలు తింటున్నాను. ఎక్కువ చూపించిన రోజు సాయంత్రం ఏదో ఒకటి తింటాను. తక్కువ చూపించిన రోజు రాత్రి భోజనం మానేస్తాను. నెల గడిచినా 65.6 దగ్గరే ఉన్నాను. తప్పు వాచీదా, నాదా? మా అత్తగారికి షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటారు. ఆవిడకీ ఒక వాచీ కొని ఇలాగే లెక్క చూద్దామనుకుంటున్నాను. కొనమంటారా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందు ఒక చిన్న పని చేయండమ్మా. ఫోన్‌లో ఆ వాచీ యాప్ తెరిచి, ప్రొఫైల్‌లోకి వెళ్లి, స్త్రీ, పురుషుడు అని అడిగే చోట ఏముందో చూడండి. వయసు, ఎత్తు, బరువు మార్చారు గానీ అదొక్కటీ మీవారిదే ఉండిపోయిందని నా అనుమానం. మీరు రాసిన అంకెల్లోనే ఆ సంగతి కనిపిస్తోంది.

ఎలాగో చెబుతాను. 1,870లోంచి 430 తీసేస్తే 1,440 మిగులుతుంది. ఇది రెస్టింగ్ కేలరీల లెక్క. అంటే మీరు రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికి, ఒంటి వేడి నిలబడడానికి అయ్యే ఖర్చు. ఇప్పుడు మీ నడక చూడండి. 240లోంచి 190 తీసేస్తే 50. యాభై నిమిషాలకు 50, గంటకు 60, ఇరవై నాలుగు గంటలకు మళ్లీ అదే 1,440. నడిచేటప్పుడు కూడా వాచీ ఆ యాభై నిమిషాల రెస్టింగ్ ఖర్చును పక్కన కలుపుతూనే ఉంది. నడకకు చూపించే టోటల్ అంటే అదే. మీరు నడవకుండా కుర్చీలో కూర్చున్నా ఆ 50 ఎలాగూ ఖర్చయ్యేదే.

ఈ 1,440 ఎక్కడి నుంచి వచ్చింది? వాచీ దాన్ని మీ ఒంట్లోంచి కొలవలేదు. మణికట్టు మీద ఆకుపచ్చ లైటు వెలిగించి నాడి చూడగలదు గానీ, ఊరికే పడుకున్న మనిషి ఎంత ఆక్సిజన్ వాడుతున్నాడో దానికి తెలిసే దారి లేదు. రెస్టింగ్ ఖర్చు నిజంగా కొలవాలంటే పరగడుపున పడుకోబెట్టి, తలమీద పారదర్శకమైన గుల్ల లాంటిది పెట్టి, పీల్చే గాలి, వదిలే గాలి కొలవాలి. వాచీ కంపెనీలు ఆ పని చేయవు. ప్రొఫైల్‌లో మీరు నింపిన నాలుగు గళ్లు తీసుకుని ఒక సూత్రంలో వేస్తాయి.

అలాంటి సూత్రాల్లో బాగా వాడుకలో ఉన్నది 1990లో అమెరికాలో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం. బరువును పదితో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసును అయిదుతో గుణించి తీసేయాలి. ఆపైన ఆడవాళ్లయితే 161 తీసేయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. మీ అంకెలు వేస్తే 660, 962 కలిపి 1,622. అందులోంచి 190 పోతే 1,432. ఆడవాళ్ల లెక్కన 161 తీసేస్తే దాదాపు 1,270. మగవాళ్ల లెక్కన 5 కలిపితే దాదాపు 1,440. మీ వాచీ చూపిస్తున్నది ఈ రెండోది. మీ కంపెనీ సరిగ్గా ఈ సూత్రమే వాడుతోందని నేను ఒట్టు వేసి చెప్పలేను, చాలా కంపెనీలు పైకి చెప్పవు. కానీ ఇంత దగ్గరగా సరిపోయింది కాబట్టి ప్రొఫైల్ తప్పక చూడమంటున్నాను. ఆ ఒక్క గడి వల్ల రోజుకు 166 కేలరీలు మీ ఖాతాలో ఊరికే పడుతున్నాయి.

నా మాట మీద నమ్మకం కలగాలంటే ఒక ఆదివారం వాచీ తీసి అలమరలో పెట్టేయండి. రాత్రికి యాప్ తెరిచి చూస్తే యాక్టివ్ ఏమీ ఉండదు. కానీ చాలా వాచీల్లో రెస్టింగ్ మాత్రం ఎప్పటిలాగే నిండుగా ఉంటుంది. చేతికి లేని వాచీ మీ గుండెనీ కాలేయాన్నీ ఏం కొలిచిందని? అర్ధరాత్రి పన్నెండు దాటింది మొదలు గంటకింత అని అది తనంతట తాను వేసుకుంటూ పోతుంది. మీ రోజు టోటల్‌లో ముప్పాతిక భాగం పైగా ఇలా ఫారం చూసి వేసిన అంకే. మీరు కదిలినందుకు మారేది ఆ పైన ఉన్న పాతిక భాగం లోపే.

సరే, ప్రొఫైల్ సరిచేస్తే 1,270 నిజమైపోతుందా? అదీ కాదు. సూత్రం అన్నది ఎంతోమందిని కొలిచి తీసిన సగటు. ఒకే వయసు, ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లలో కూడా రెస్టింగ్ ఖర్చు పదో వంతు అటూ ఇటూ ఉండడం మామూలే. కండ ఎక్కువున్న వాళ్లకు ఎక్కువ, తక్కువున్న వాళ్లకు తక్కువ. పైగా విదేశీయుల మీద కొలిచి తీసిన ఇలాంటి సూత్రాలు మన భారతీయులకు కాస్త ఎక్కువ చూపిస్తాయని మన దేశంలో పోషకాహారం మీద పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. ఇంకోవైపు తిన్నది అరిగించుకోవడానికి కూడా ఒంటికి ఖర్చుంటుంది, తిన్నదాంట్లో సుమారు పదో వంతు. దానికి మీ వాచీలో విడిగా గడి లేదు. అంటే ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ. ఈ రెండూ మీ విషయంలో సరిగ్గా కొట్టేసుకుంటాయా లేదా అన్నది వాచీకి తెలియదు.

ఇక యాక్టివ్ సంగతి. ఇందులో మాత్రం కొంత కొలత ఉంది. చెయ్యి ఎంత ఊగుతోంది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, జీపీఎస్ ఉంటే ఎంత దూరం ఎంత వేగంగా వెళ్లారు, ఇవి చూసి అంచనా కడుతుంది. నడక, పరుగు లాంటి పనుల్లో గుండె వేగం పెరిగేకొద్దీ ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది కాబట్టి ఆ దారి పూర్తిగా తప్పేం కాదు. చిక్కంతా గుండె వేరే కారణాలకు కూడా వేగంగా కొట్టుకోవడంలో ఉంది.

మన వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. జనవరిలో పొద్దున్న ఆరింటికి నడిచిన దారే మే నెలలో ఎనిమిదింటికి నడవండి. అదే దూరం, అదే వేగం. కాళ్లు చేసే పని ఏమీ మారలేదు. కానీ ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాలి. చెమటకు నీరు పోయేకొద్దీ ఇంకా వేగంగా కొట్టుకోవాలి. నిమిషానికి 110 ఉండాల్సింది 125 దాటొచ్చు. వాచీ ఆ పెరిగిన దడను చూసి మీరు ఇంకా గట్టిగా పనిచేశారనుకుని కేలరీలు కలిపేస్తుంది. జ్వరం, చిక్కటి కాఫీ, నిద్రలేమి, స్కూల్లో ఇన్‌స్పెక్షన్ రోజు టెన్షన్, అన్నింటితోనూ ఇదే తంతు.

చెయ్యి వల్ల వచ్చే తప్పు ఇంకో రకం. బోర్డు మీద రాస్తూ, పిల్లలకు చేతులూపి చెబుతూ ఉంటే అడుగులు కూడా పడిపోతాయి. అదే బజారు నుంచి రెండు చేతుల్లో బరువైన సంచులు మోసుకుని మెట్లెక్కితే చెయ్యి ఊగదు, చాలా వాచీలు ఆ కష్టాన్ని తక్కువగా వేస్తాయి. బట్టలుతికేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు తడుస్తుందని వాచీ తీసి పక్కన పెడతాం కదా, ఆ పని అసలు లెక్కలోకే రాదు. మీరు "తక్కువ చూపించిన రోజు" అన్నారే, ఆ రోజు నిజంగా తక్కువ కదిలారా, లేక ఇంటి పని ఎక్కువై వాచీ చార్జింగ్‌లో ఎక్కువసేపు ఉందా? ఒకసారి గుర్తు చేసుకోండి. రెండోదే అయితే, ఒళ్లు హూనమైన రోజునే మీరు రాత్రి పస్తున్నారన్నమాట.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల వాచీలను 60 మందికి పెట్టి, నడిపించి, పరుగెత్తించి, సైకిలు తొక్కించి, ప్రయోగశాలలో గాలి కొలిచే యంత్రంతో పోల్చి చూశారు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు వాచీలు అయిదు శాతం లోపు తేడాతో చూపించాయి, మెచ్చుకోవాల్సిందే. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నింటికన్నా మెరుగైన దానికే సగటున 27 శాతం తప్పు వచ్చింది, అన్నింటికన్నా చెత్త దానికి 93 శాతం. వాచీలు తర్వాత మారాయి, నిజమే. కానీ 2020లో ఇలాంటి అధ్యయనాలెన్నింటినో కలిపి చూసిన సమీక్షలో కూడా కేలరీల విషయంలో ఏ బ్రాండూ కచ్చితంగా లేదనే తేలింది. నాడి సరిగ్గా చూసే వాచీ కేలరీలు కూడా సరిగ్గానే చెబుతుందని అనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు.

మీ నడకనే తీసుకుందాం. గంటకు అయిదు కిలోమీటర్లకు కాస్త తక్కువగా, మామూలు చురుకుతో నడిచే మనిషికి కిలో బరువుకు గంటకు సుమారు 3.5 కేలరీలు ఖర్చవుతాయని వ్యాయామ పట్టికలు చెబుతాయి. 66 కిలోలకు యాభై నిమిషాలంటే దాదాపు 190. ఇది రెస్టింగ్ కలిపిన మొత్తం. ఎలాగూ అయ్యే ఖర్చు అందులోంచి తీసేస్తే నడిచినందుకు అదనంగా అయ్యేది 140, 150 మధ్య. మీ వాచీ మొత్తం 190 అనాల్సిన చోట యాక్టివే 190 అంటోంది. పట్టిక కూడా సగటు లెక్కేననుకోండి, మీరు ఎత్తుపల్లాల మీద వేగంగా నడుస్తున్నారేమో. అయినా ఆ నలభై, యాభై తేడా ఎటు తేలుతుందో తెలియనప్పుడు, ఆ అంకెను పట్టుకుని సాయంత్రం చిరుతిండి ఎంత తినాలో లెక్కేయడం ఎలా? ఒక పెద్ద సమోసాతో ఆ నడక మొత్తం తీరిపోతుంది. గుప్‌చుప్ బండి దగ్గర నిలబడి, వాచీ చూసుకుని "ఇవాళ నాకు ఇంత ఉంది" అనుకున్నామంటే మోసపోయినట్టే.

ఇప్పుడు మీ నెల లెక్క. రోజుకు 500 తక్కువ తిన్నారన్నది నిజమైతే ముప్పై రోజులకు 15,000 కేలరీలు. ఒక కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలంటారు. ఉజ్జాయింపు లెక్కే, అయినా పోల్చుకోవడానికి చాలు. ఆ ప్రకారం మీరు దాదాపు రెండు కిలోలు తగ్గాలి. తగ్గింది 0.4 కిలో. అంటే రోజుకు మీకు నిజంగా పడిన లోటు వంద దగ్గర. మిగతా 400 కాగితం మీదే ఉంది. అందులో 166 ప్రొఫైల్ గడి వల్ల వచ్చింది. యాక్టివ్‌లో నడకకూ, ఎండకూ, చేతి ఊపుకూ కలిపి కొంత. మిగిలినది వంటింట్లో ఉందని నా అనుభవం.

వాచీ ఖర్చు వైపు పొరబడినట్టే మనం తిండి వైపు పొరబడతాం. మీ 1,370లో నూనె ఎలా లెక్కేశారు? పోపుకు చెంచాడు అని రాసుకుంటాం, గిన్నెలో పడేది ఎంతో కొలవం. ఒక చిన్న చెంచా నూనె, అయిదు మిల్లీలీటర్లు, 40 కేలరీలు దాటుతుంది. దీనికి నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. వంటలో చెంచాలు లెక్కపెట్టకండి, నెలకు ఇంట్లోకి ఎన్ని లీటర్లు వచ్చిందో చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతుంటే తలకు లీటరు. లీటరు నూనె సుమారు 900 గ్రాములు, రోజుకు 30 గ్రాములు. ఒక్క నూనె నుంచే రోజుకు 270 కేలరీలు. యాప్‌లో మీరు నూనెకు ఎంత వేసుకున్నారో దీని పక్కన పెట్టి చూడండి. అన్నం కూడా అంతే, "ఒక కప్పు" అంటే ఎవరి కప్పు అన్నదే ప్రశ్న. వండిన అన్నం కాకుండా మీ వంతు బియ్యం ఒక్క వారం తూకం వేసి చూడండి. వంద గ్రాముల బియ్యం అంటే 350 కేలరీల దగ్గర.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, ఈ ఉత్తరానికి జవాబు రాయాలని కూర్చున్నది అందుకే. ప్రొఫైల్ సరిచేశాక మీ టోటల్ 1,700 దగ్గరికి పడిపోతుంది. అలవాటు కొద్దీ మళ్లీ 500 తీసేసి, 1,200 తినాలనుకుంటారేమో. వద్దు. అంకె మారింది గానీ మీ ఒళ్లు మారలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని చేసే పనులుండే 55 కిలోల స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు కావాలి. మీరు అంతకన్నా బరువున్నారు, నడుస్తున్నారు, రోజంతా క్లాసుల్లో నిలబడతారు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా 1,200 దగ్గరికి దిగి, అందులో రాత్రి భోజనాలు కూడా మానేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కళ్లు తిరగడం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం, మధ్యాహ్నం క్లాసులో విసుగు, ఇవన్నీ దాని వెనకే వస్తాయి. పస్తున్న మర్నాడు ఆకలి ఆగక రెట్టింపు తినడం కూడా మామూలే. నెల చివర్లో లోటు వంద దగ్గర తేలడానికి అదీ ఒక కారణం కావచ్చు.

మరి తిండి దేన్ని చూసి నిర్ణయించుకోవాలి? మీ బరువు నడుస్తున్న తీరును చూసి. మీకు ఎంత ఖర్చవుతోందో ఏ సూత్రం కన్నా మీ ఒళ్లే సరిగ్గా చెబుతుంది, కాకపోతే నిదానంగా చెబుతుంది. ఈ నాలుగు వారాలు వాచీ ఎంత చూపించినా పట్టించుకోకుండా రోజూ దాదాపు ఒకే మోతాదు తినండి. మూడు పూటలూ తినండి. నడిచిన రోజూ అదే, నడవని రోజూ అదే. పొద్దున్న లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే మిషన్ మీద బరువు చూసి రాసుకోండి. ఏ రోజు అంకెనూ పట్టించుకోకండి. వారం చివర ఏడు అంకెల సగటు తీసి, ఆ సగటునే పోల్చుకోండి. ముందురోజు ఆవకాయ, అప్పడాలు ఎక్కువ తిన్నా మర్నాడు నీరు పట్టి అరకిలో పెరిగినట్టు కనిపిస్తుంది. మొదటి రోజూ చివరి రోజూ మాత్రమే చూస్తే ఆ 0.4 కిలో కూడా నీరో కొవ్వో చెప్పలేం.

ఆడవాళ్లకు ఇంకో మాట. నెలసరి ముందు రోజుల్లో నీరు నిలిచి కిలో దాకా పెరగడం చాలామందిలో ఉంటుంది. అందుకని ఈ వారాన్ని పోయిన వారంతో కాకుండా, పోయిన నెలలో నెలసరి లెక్కన ఇదే వారంతో పోల్చుకుంటే నిజం తెలుస్తుంది. నాలుగు వారాలు ఆగమన్నది అందుకే. నడుము చుట్టుకొలత రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర టేపుతో చూసుకోండి. బరువు కదలకుండా నడుము తగ్గే నెలలు కూడా ఉంటాయి.

నాలుగు వారాల తర్వాత సగటు కదలకపోతే, మీరు తిన్నదీ ఖర్చయ్యిందీ సమానంగా ఉన్నాయని అర్థం. అప్పుడు ఒకే ఒక్కటి మార్చండి. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట కూరో పప్పో పెంచుకోవడం గానీ, ఇంటి నూనె నెలకు నాలుగు లీటర్ల నుంచి మూడుకు దించడం గానీ. రెండోది చేస్తే తలకు రోజుకు అరవై, డెబ్బై కేలరీలు తగ్గుతాయి, ఇంట్లో అందరికీ మేలే. మళ్లీ నాలుగు వారాలు చూడండి. నెలకు కిలో, కిలోన్నర తగ్గితే మీకు చాలు. అంతకన్నా వేగంగా తగ్గుతుంటే ఆ గరిటె అన్నం వెనక్కి తెచ్చుకోండి.

వాచీని పారేయమనడం లేదు. ఎన్ని నిమిషాలు నడిచారో అది బాగానే చెబుతుంది. వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, రోజూ నడుస్తున్న మీరు అది ఎప్పుడో దాటేశారు. గుండె వేగం కూడా చూసుకోండి. ఒకే చల్లటి వేళ, ఒకే దారిలో, ఒకే వేగంతో నడిచినప్పుడు రెండు నెలల కిందటికన్నా గుండె నిదానంగా కొట్టుకుంటుంటే మీ దమ్ము పెరిగినట్టు. అది కేలరీల అంకెలో ఎప్పటికీ కనిపించదు. కేలరీల గడి కళ్లముందు ఉంటే మనసు అటే పోతుంది కాబట్టి, వీలుంటే వాచీ ముఖం మీద నుంచి దాన్ని తీసేసి నిమిషాలో అడుగులో పెట్టుకోండి. ఫోన్‌లో తిండి లెక్క రాసే యాప్ ఉంటే దానికి వాచీతో ఉన్న లింకు తెంపేయండి. ఆ యాప్ మొదట్లోనే "ఓ మోస్తరుగా కదులుతాను" అన్న మీ జవాబును బట్టి నడకను ఒకసారి కలిపేసి ఉంటుంది. వాచీ పంపిన యాక్టివ్‌ను ఇంకోసారి కలిపితే ఒకే నడకకు రెండుసార్లు తిన్నట్టవుతుంది.

మీ అత్తగారి విషయంలో మాత్రం ఈ లెక్క అసలు మొదలుపెట్టకండి. షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి, అలాగే ఇన్సులిన్, తిన్నా తినకపోయినా షుగర్‌ను కిందికి లాగుతాయి. వాచీ తక్కువ చూపించిందని రాత్రి భోజనం మాన్పిస్తే తెల్లవారుజామున చెమటలు, వణుకు, మాట తడబడడం, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. కానీ చాలామంది వాడేది రెండూ కలిసిన మాత్ర, పైన కంపెనీ పేరు ఒక్కటే పెద్దగా కనిపిస్తుంది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి, తెలియకపోతే డాక్టరు గారికి చూపించండి. ఆవిడకు బీపీ కూడా ఉండి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడుతుంటే అవి గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. అప్పుడు ఆవిడ ఎంత నడిచినా వాచీకి తక్కువగానే కనిపిస్తుంది.

ఆ డబ్బుతో ఇంట్లో గ్లూకోమీటరు లేకపోతే అది కొనండి, స్ట్రిప్పులు కూడా. ఎప్పుడైనా చెమట పట్టి నీరసంగా ఉందంటే వెంటనే చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆవిడ నడకకు వెళ్తానంటే సంతోషంగా పంపండి, ఏదైనా తిన్నాకే పంపండి, కొంగున నాలుగు పంచదార పొట్లాలో గ్లూకోజ్ పొడో కట్టి పంపండి. భోజనంలో మార్పు ఏదైనా చేయాలనిపిస్తే ముందు డాక్టరు గారితో మాట్లాడి, మాత్రల మోతాదు కూడా మార్చాలేమో అడిగాకే చేయండి.